ఆహ్వాన లేఖలో నేనెవరు

మా బడి దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్‌బీ నగర్‌కీ మధ్య, మెయిన్ రోడ్డు మీంచి లోపలికి వెళ్ళే ఒక సందులో ఉంది. వినపడని పిల్లల బడి. ఒక ట్రస్టు వాళ్ళు నడుపుతారు. నేనక్కడ లెక్కలు చెబుతాను. నాకు వినపడుతుంది. నా పక్క తరగతిలో సోషల్ చెప్పే టీచరుకి పుట్టినప్పటి నుంచీ వినపడదు. నాకంటే బాగా చిన్నది. చేరిన కొత్తలో నా సైగలు చూసి ఒకరోజంతా నవ్వుకుందట. ట్రైనింగు కాలేజీలో నేను నేర్చుకున్న సైగలు పుస్తకం చదువుతున్నట్టు ఉండేవని ఆమె ఫిర్యాదు. ఆ తర్వాత ఆమె దగ్గరే అసలు భాష నేర్చుకున్నాను. సైగ భాష నుంచి మాటలోకి, మాట నుంచి సైగలోకి మార్చి చెప్పే కోర్సు కూడా ఆమె పోరు పడలేకే పూర్తి చేశాను.

వాళ్ళది నల్గొండ వైపు. మాది గుంటూరు. ఆమె చేతులతో చెప్పింది రాయబోతే నా కలంలోకి వాళ్ళమ్మ మాట్లాడే తెలుగే వస్తుంది. ఇన్నేళ్ళుగా ఆ ఇంటికి వచ్చీ పోయీ ఆమె మాటకి ఆ యాసే అతుక్కుపోయింది. అలాగే రాస్తాను.

ఆమెకొక అలవాటు ఉండేది. మధ్యాహ్నం పిల్లలు అన్నాలు తినేటప్పుడు వాళ్ళ పక్కన కూచుని, వాళ్ళ కబుర్లు చూస్తూ ఫోన్లో వీడియోలు తీసేది. ఊళ్ళ పేర్లకి, బస్టాపుల పేర్లకి పిల్లలు వాళ్ళంతట వాళ్ళు పుట్టించుకున్న సైగలుంటాయి. ఏ నిఘంటువులోనూ ఉండవు. ఎల్‌బీ నగర్ అంటే ఒక చేతి మీంచి ఇంకో చేయి అడ్డంగా దాటడం. ఫ్లైఓవరు. నాగోల్ అంటే మెట్రో వచ్చి ఆగిపోవడం. అన్నిటికంటే ఆమెకి నచ్చింది కొత్తపేట. అక్కడి పళ్ళ మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయి చాలాకాలమైంది. అయినా మా పిల్లలు కొత్తపేటకి పండు వాసన చూస్తున్నట్టే సైగ చేస్తారు. ఆ మార్కెట్టుని కళ్ళతో చూడని చిన్న పిల్లలు కూడా అదే చేస్తారు. బాటసింగారానికి అదే పండు, కాకపోతే చెయ్యి దూరంగా చాపి. మార్కెట్టు వెళ్ళిపోయినా దాని గుర్తు పిల్లల చేతుల్లో ఉండిపోయిందని ఆమె ఒక వ్యాసం రాసింది. సైగ భాషల్లో చదువు చెప్పే వాళ్ళ సదస్సు ఒకటి ఆస్ట్రియాలో జరగబోతోందని తెలిసి, వ్యాసం సారాంశం పంపించింది. వాళ్ళు ఒప్పుకున్నారు. వచ్చి చెప్పమన్నారు.

ఆ మెయిలు వచ్చిన రోజు స్టాఫ్ రూములో నా ముందు ఫోను పెట్టి, నేను చదవడం పూర్తయ్యే దాకా నా మొహమే చూస్తూ కూచుంది. నేను తలెత్తగానే అడిగింది.

"అక్కా, నువ్వు నాతోని రావాలె."

నిజంగానే రావాలి. అక్కడ ఇంగ్లీషు నుంచి అంతర్జాతీయ సైగల్లోకి మార్చేవాళ్ళు ఉంటారు గానీ మన భారతీయ సైగ భాష తెలిసిన వాళ్ళు లేరు. ఆమె సైగలు చేస్తుంటే పక్కన నిలబడి ఇంగ్లీషులో చెప్పే గొంతు కావాలి. మిగతావాళ్ళ ఉపన్యాసాలు ఆమెకి అందించే చేతులూ కావాలి. ట్రస్టు కార్యదర్శి సంతోషంగా ఇద్దరి ప్రయాణ ఖర్చూ బడే భరిస్తుందన్నారు. బస సదస్సు వాళ్ళు యూనివర్సిటీ హాస్టల్లో ఇస్తామన్నారు. మిగిలింది వీసా. వీసాకి ఆహ్వాన లేఖ కావాలి. ఇంగ్లీషు మెయిళ్ళు బడిలో నేనే రాస్తాను కాబట్టి ఇదీ నేనే రాస్తానన్నాను. ఆమె సరేనంది.

ఎంత మర్యాదగా రాశానంటే, ఇప్పుడు చదువుకుంటే నాకే నవ్వొస్తుంది. వాళ్ళ విలువైన సమయం తీసుకుంటున్నందుకు క్షమాపణ, ఇంత గొప్ప సదస్సులో అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు, మా బడి గురించి ఒక పేరా, దయతో ఒక ఆహ్వాన లేఖ పంపగలరని ప్రార్థన. చివర మా ఇద్దరి పేర్లు. ఆ లేఖలో ఏమేం ఉండాలో మాత్రం రాయలేదు. వాళ్ళు ప్రపంచం నలుమూలల నుంచీ జనాన్ని పిలిచేవాళ్ళు, వాళ్ళకి తెలియదా అనుకున్నాను.

రెండు రోజుల్లో లేఖ వచ్చింది. యూనివర్సిటీ ముద్ర ఉన్న కాగితం, కింద సంతకం. ఇద్దరం మురిసిపోయాం. ప్రింటు తీయించి, టిక్కెట్ల కోసం ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గరున్న ట్రావెల్ ఏజెంటు దగ్గరికి వెళ్ళాం. మిఠాయి కొట్టు పైన చిన్న గది. ఏజెంటు నడివయసు మనిషి, టిక్కెట్లతో పాటు వీసా కాగితాలు కూడా సర్దిపెడతాడు. లేఖ తీసుకుని చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. టేబుల్ మీద పెట్టి నా వైపు తిప్పాడు.

"మేడమ్, మంచిగనే ఉన్నది గానీ, గీ లెటర్ మీద వీసా అడగనీకి రాదు."

అందులో మా టీచరు పేరుకి ముందు ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ఉంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టు నంబరు లేదు, పుట్టిన తేదీ లేదు. వ్యాసం పేరు లేదు. సదస్సు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో రాశారు గానీ ఎక్కడ ఉంటామో, ఖర్చు ఎవరిదో లేదు. సంతకం చేసినావిడ పేరు ఉంది గానీ హోదా, ఫోను లేవు. నా గురించైతే ఏమీ లేదు. లేఖ ఒక్కరికే రాశారు.

"ఆమెకి చెప్పండి మేడమ్, మల్లా తెప్పించుకోవాలె అని" అన్నాడు ఏజెంటు నన్ను చూస్తూనే.

మా టీచరు అతని పెదాలు చూస్తూనే ఉంది. ఫోన్లో ఏదో టైపు చేసి అతని ముందు పెట్టింది. 'నాకు చెప్పండి. నేను చదువుతా.' అతను ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ తర్వాత చాలా పద్ధతిగా, ఆమె ఫోన్లోనే, ఒక్కో సంగతీ టైపు చేసి చూపించాడు. ఆమె అడుగుతూ పోయింది. మెయిలుకి వచ్చిన కాపీ సరిపోతుందా, అసలు కాగితం కావాలా? స్కాను చేసింది చాలు గానీ సంతకం, ముద్ర స్పష్టంగా ఉండాలన్నాడు. ఇద్దరికీ కలిపి ఒకటే సరిపోతుందా? ఎవరి ఫైలు వాళ్ళదే, విడివిడిగా ఉంటే మంచిదన్నాడు. నేను పక్కన కూచుని, కింద కొట్లోంచి వస్తున్న నెయ్యి వాసన పీలుస్తున్నాను.

బయటికి రాగానే నాతో అంది, "ఈసారి నేనే రాస్త."

మెట్ల మీద నిలబడి అంది. నాకేమీ బాధ కలగలేదని చెప్పను. ఒక్క నిమిషం కలిగింది. ఇంగ్లీషు నాకు వచ్చినంత ఆమెకి రాదు. కానీ సదస్సు ఆమెది, అడగవలసిందీ ఆమే.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఎల్‌బీ నగర్‌లో, మెయిన్ రోడ్డుకి దూరంగా ఒక రెండంతస్తుల ఇంట్లో పై వాటా కిరాయికి ఉంటారు తల్లీ కూతుళ్ళు. వాళ్ళమ్మ మక్క గారెలు, అదే మొక్కజొన్న గారెలు, వేస్తోంది. టీచరమ్మ వచ్చింది అని గోడ మీద లైటు స్విచ్చి రెండుసార్లు నొక్కింది. లోపలి గదిలో లైటు వెలిగి ఆరేసరికి కూతురు బయటికొచ్చింది. అప్పటికే మెయిలు రాసేసింది. నన్ను చూడమంది.

ఇంగ్లీషులో అక్కడక్కడా తప్పులున్నాయి. కానీ ఒక్క మాట వృథాగా లేదు. తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

'లేఖ అందింది, ధన్యవాదాలు. వీసాకి అది సరిపోదు. దయచేసి ఇద్దరికీ రెండు లేఖలు పంపండి. పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, మొదటి పేజీల కాపీలు జతచేశాను. ప్రతి లేఖలో పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, మా బడి పేరు, చిరునామా కావాలి. సదస్సు పేరు, తేదీలు, జరిగే చోటు కావాలి. నా లేఖలో నా వ్యాసం పేరు కావాలి. బస మీరు ఇస్తున్నారని, ప్రయాణ ఖర్చు మా బడి భరిస్తోందని రాయండి. సంతకం చేసేవారి పేరు, హోదా, ఫోను, మెయిలు, ముద్ర కావాలి. రెండో లేఖ నా ఇంటర్‌ప్రెటర్‌కి. ఆమె లేకపోతే నేను నా భాషలో మాట్లాడలేను. వీసా అపాయింట్‌మెంటు వచ్చే నెల. ఈ వారంలో వస్తే మంచిది.'

తప్పులు దిద్దాను. 'మీకు శ్రమ ఇస్తున్నందుకు' అని ఒక వాక్యం కలపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. పాస్‌పోర్టు కాపీలు చూస్తుంటే నా సంగతి బయటపడింది. నా సర్టిఫికెట్లన్నీ పుట్టింటి ఇంటిపేరుతో ఉంటాయి. బడిలోనూ అదే. పాస్‌పోర్టు మాత్రం పెళ్ళయ్యాక తీసుకున్నది, అందులో అత్తింటి పేరు. మొదటి మెయిలు కింద నేను పుట్టింటి పేరుతోనే సంతకం పెట్టాను. నా పేరుతో కూడా లేఖ వచ్చి ఉంటే అదీ తప్పే అయ్యేది. రెండు పేర్లూ నావేనని ట్రస్టు నుంచి ఒక కాగితం పెట్టుకుందాం అనుకుని, మెయిలు పంపేశాం. వాళ్ళమ్మ గారెలు తెచ్చి పెట్టింది. ఏమైందని అడిగితే మళ్ళీ అడిగామని చెప్పాను.

"వాళ్ళే రమ్మన్నరు గద బిడ్డా, మల్లా ఏం అడుగుడు?" అంది.

రమ్మన్న మాట కాగితం మీద కూడా పెట్టాలి పెద్దమ్మా అన్నాను. పెట్టనీ అని ఇంకో రెండు గారెలు వేసింది.

జవాబు సదస్సు వాళ్ళ నుంచి కాక యూనివర్సిటీలో విదేశీ అతిథుల వ్యవహారాలు చూసే ఆఫీసు నుంచి వచ్చింది. మా టీచరు లేఖకి ఏ అభ్యంతరమూ లేదు, అడిగినవన్నీ పెడతామన్నారు. చిక్కు నా దగ్గర వచ్చింది. ఇంటర్‌ప్రెటర్‌గా వస్తోందని రాస్తే, అక్కడ పని చేయడానికి వస్తున్నట్టు అర్థం వచ్చే ప్రమాదం ఉందట. పనికి వేరే అనుమతి కావాలి. అలాంటి లేఖ మీద సంతకం చేయడానికి ఆఫీసు వెనకాడుతోంది. చివర్లో, మంచి మనసుతోనే, ఒక దారి కూడా చూపించారు. ఆమె వ్యాసానికి సహరచయిత అయితే ఏ ఇబ్బందీ లేదు, పేరు చేర్చి తెలియజేస్తే వెంటనే లేఖ ఇస్తామని.

నేను ఆ మెయిలు స్టాఫ్ రూములో చదివాను. అబద్ధమెందుకు, ఆ చివరి వాక్యం దగ్గర ఆగి, దాన్ని రెండోసారి చదువుకున్నాను. వ్యాసం మీద నా పేరు. చాలా ఏళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, నా పేరు దేనిమీదా అచ్చు కాలేదు. ఇంగ్లీషు దిద్దింది నేనే కదా అనుకున్నాను. ఎవరూ కాదనరు కూడా.

ఆమె కూడా చదివింది. కుర్చీ నాకు ఎదురుగా లాక్కుని కూచుంది. ఏదైనా గట్టి సంగతి మాట్లాడేటప్పుడు అలా కూచుంటుంది, నేను ఎటూ చూడ్డానికి వీల్లేకుండా.

"నీ పేరు పెట్టమంటవా అక్కా?"

ఆమె మొహంలో ఏ ఒత్తిడీ లేదు. పెట్టమంటే పెట్టేది. నేను ఆ వీడియోలన్నీ గుర్తు చేసుకున్నాను. అన్నం పళ్ళాల పక్కన కూచుని ఆమె తీసినవి. కొత్తపేట సైగ ఎవరెవరు ఎలా చేస్తారో తరగతి వారీగా రాసుకున్న కాగితాలు. సెలవుల్లో పిల్లల ఇళ్ళకి, హయత్‌నగర్ దాకా, బాటసింగారం దాకా వెళ్ళి అమ్మానాన్నలని అడిగింది ఆమె. ఒక్కసారి కూడా నేను వెంట వెళ్ళలేదు.

"వద్దు. అది నీది. నేను పక్కన నిలబడి చెప్పేదాన్ని మాత్రమే" అన్నాను.

ఆ తర్వాత ఇలా అంది. "నువ్వు పెట్టమంటె పెడుతుంటి. కానీ నాకు మనసుల మంచిగ అనిపియ్యకపోతుండె."

అంత సూటిగా చెప్పడం మాటల్లో అయితే ఎవరికీ చేతకాదనుకుంటాను. ఇద్దరం నవ్వాం. గంటకి బదులుగా పెట్టిన లైటు వెలిగింది, తరగతులకి వెళ్ళిపోయాం. ఆ రోజంతా నాకు హాయిగా ఉంది. ఎందుకో చెప్పమంటే చెప్పలేను గానీ, భిన్నాలు చెబుతుంటే పిల్లలు కూడా ఆ రోజు తొందరగా పట్టుకున్నారు.

మరి నాకు లేఖ ఎలా? సదస్సు నడిపే ప్రొఫెసరుకే నేరుగా రాసింది మా టీచరు. మొదటి లేఖ మీద సంతకం ఆవిడదే. ఆవిడ వీడియో కాల్‌లో మాట్లాడదామంది. వాళ్ళకి మధ్యాహ్నం, మనకి సాయంత్రం. బడి వదిలాక కంప్యూటర్ గదిలో కూచున్నాం. నేను గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో మొదట ఏం చెప్పాలో మనసులో అనుకుంటున్నాను. తెర మీద నెరసిన జుట్టు, ఎర్ర కళ్ళజోడు ఉన్న పెద్దావిడ కనపడింది. రెండు చేతులూ ఎత్తి వేళ్ళు ఆడించింది. చప్పట్లకి బదులు మా పిల్లలు చేసేది అదే. ఆవిడకీ వినపడదు. అంతవరకూ మాకా సంగతి తెలియదు.

అక్కడి నుంచి నాకు పని లేకపోయింది. వాళ్ళ సైగ భాష వేరు, మనది వేరు. కానీ ఇద్దరూ నెమ్మదిగా, ఒకరి సైగ ఒకరు పట్టుకుని చూసి, పోల్చి, అర్థం కాకపోతే గాల్లో బొమ్మ గీసి మాట్లాడుకున్నారు. నాకు సగమే అందింది. పాస్‌పోర్టుకి ఇద్దరి సైగలూ వేరు. సంతకానికి దాదాపు ఒకటే. ముద్రకి మాత్రం ఇద్దరూ ఒక్కసారే అరచేతిలో పిడికిలి గుద్దారు. గుద్ది, ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను పక్కన కూచుని, మాట తెలియని ఊరికి వచ్చిన చుట్టంలా చూస్తున్నాను. మా టీచరు రోజూ మా మధ్య ఇలాగే కూచుంటుంది కదా అనిపించింది. అయినా ఆ కూచోవడం నాకు బాగానే ఉంది. ఎవరూ నన్ను అడగడం లేదు, నేను ఎవరికీ అందించనక్కర్లేదు.

మధ్యలో ఒకచోట ఇద్దరూ ఆగిపోయారు. పని, జీతం అన్న దగ్గర. మా టీచరు నన్ను చూపించింది. మా బడిని చూపించింది. డబ్బు సైగ చేసి బడి వైపు నుంచి నా వైపు కదిపింది. మళ్ళీ డబ్బు సైగ చేసి తెర వైపు నుంచి నా వైపు తెచ్చి, మధ్యలో అడ్డంగా కొట్టేసింది. ఈమెకి జీతం ఇక్కడ, మా బడిది. మీ దగ్గర తీసుకునేది ఏమీ లేదు. పెద్దావిడ తల ఊపింది. ఊపి, ఏదో రాసుకుంది. కాగితం కెమెరాకి చూపించింది. ఇంగ్లీషులో రాసి ఉంది. ఇప్పుడు నేను పనికొచ్చాను. చదివి, ఒక మాట దగ్గర ఇది మార్చమని చెప్పాను. 'మా సదస్సుకి ఇంటర్‌ప్రెటర్' అని ఉంటే, 'వక్తకి ఇంటర్‌ప్రెటర్' అనమన్నాను. నేను వాళ్ళ సదస్సు మనిషిని కాదు, ఈమె మనిషిని. ఆవిడ అది కొట్టేసి మార్చి రాసింది. బొటనవేలు చూపించింది.

చివర్లో, మీ ఊరు ఎలా ఉంటుందని అడిగింది. మా టీచరు ఒక చేతి మీంచి ఇంకో చేయి దాటించింది. ఆవిడకి అర్థం కాలేదు. కాల్ పెట్టేశాక, అక్కడికి పోయి చెబుతాలే అంది మా టీచరు.

ఆఫీసు వాళ్ళని ఆవిడ ఎలా ఒప్పించిందో తెలియదు. ఆ వారం చివర్లో రెండు లేఖలు వచ్చాయి. మా టీచరు లేఖలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తిగా ఉంది, వ్యాసం పేరు ఉంది. నా లేఖలో నా అత్తింటి పేరు, పుట్టిన తేదీ, నంబరు. ఆ కింద ఇలా ఉంది: ఈమె భారతదేశంలోని ఫలానా బడిలో ఉపాధ్యాయురాలు, ఆ బడి తరఫున, ఆ బడి జీతం మీదే, వక్తకి సైగ భాష ఇంటర్‌ప్రెటర్‌గా వెంట వస్తున్నారు; ఇక్కడ ఏ ప్రతిఫలమూ తీసుకోరు; ఈమె లేకుండా వక్త తన భాషలో తన పరిశోధన వివరించడం సాధ్యం కాదు. ఆ మాటలు చదివినప్పుడు వ్యాసం మీద పేరు లేదన్న సంగతి గుర్తు రాలేదు. నా పని ఏమిటో అంత కచ్చితంగా ఎవరూ అంతకుముందు రాయలేదు. ట్రస్టు కార్యదర్శి ఆ మాటలకి సరిపోయేలా బడి తరఫున ఇంకో కాగితం ఇచ్చారు, ఇద్దరినీ డ్యూటీ మీద పంపుతున్నామని, జీతం ఆగదని, తిరిగి వచ్చి పనిలో చేరతారని. నా రెండు ఇంటిపేర్లూ ఒకే మనిషివని కూడా అందులోనే రాయించాను. ఏజెంటు ఈసారి లేఖలు ఆమె చేతికే తిరిగిచ్చి, ఫోన్లో ఒక్క మాట టైపు చేశాడు. 'ఫస్ట్ క్లాస్.'

వీసా సెంటరు నగరానికి అటువైపు. ఎల్‌బీ నగర్‌లో ఆమె మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్‌లో నేను ఎక్కేదాకా తలుపు దగ్గరే నిలబడి చూసింది. ఇద్దరి ఫైళ్ళూ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాం. అక్కడి వాళ్ళు వీసా ఇచ్చేవాళ్ళు కారు. కాగితాలు సరిచూసి తీసుకుని ఢిల్లీలో ఎంబసీకి పంపుతారు. కౌంటరులో అమ్మాయి మా ఇద్దరి లేఖలూ పక్కపక్కన పెట్టి, పెన్ను మొన ఆనించి ఒక్కో గీతా చదివింది. నా లేఖలో ఇంటర్‌ప్రెటర్ అన్న మాట దగ్గర పెన్ను ఆగింది. కింది వాక్యం చదివింది, బడి కాగితం తిప్పి చూసింది, టిక్కు పెట్టి పక్కకి పెట్టింది. అడగనే లేదు.

వేలిముద్రల దగ్గర చిన్న తమాషా జరిగింది. మా టీచరు నాలుగు వేళ్ళూ అద్దం మీద పెట్టింది. గట్టిగా నొక్కండి, కదపకండి అంటున్నాడు అక్కడి కుర్రాడు. నేను ఆమెకి సైగ చేశాను. ఆమెకి జవాబు చెప్పాలని ఉంది, చెయ్యి తీస్తే కదలిపోతుంది. కళ్ళు పెద్దవి చేసి, పెదాలు బిగించి అలాగే నిలబడింది. అయిపోయింది అనగానే రెండు చేతులూ విదిలించి, ఆపుకున్నదంతా ఒక్కసారిగా చెప్పేసింది. నా నోరు కట్టేసిండ్రు అక్కా అంది. కుర్రాడికి అర్థం కాకపోయినా అతనూ నవ్వాడు.

తర్వాత ఎదురుచూడటమే. ఎండలు పెరిగాయి, పరీక్షలు వచ్చాయి, పేపర్లు దిద్దాం. ఫోన్లో ట్రాకింగు చూసుకోవడం నాకు రోగంలా పట్టుకుంది. ఆమె చూసేది కాదు. పిల్లలతో స్లైడ్లకి ఫోటోలు తీయించుకునే పనిలో ఉండేది.

పాస్‌పోర్టులు కొరియరులో బడికే వచ్చాయి. రెండు కవర్లు. సంతకం పెట్టి తీసుకుని, స్టాఫ్ రూములో ఒకరి కవరు ఒకరం చింపాం. రెండింటిలోనూ వీసా అంటించి ఉంది. నా స్టిక్కరు మీద నా ఫోటో చూసి, ఏంది అక్కా దొంగలెక్క ఉన్నవ్ అంది.

సాయంత్రం ఇద్దరం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. వాళ్ళమ్మ పాస్‌పోర్టు చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఆ పేజీని వేలితో తడిమి చూసింది. కూతురు ఆమె ఎదురుగా నిలబడి సైగలు చేసి చెప్పింది. ఎన్ని రోజులు, ఎక్కడ ఉంటాం, ఎవరు ఎదురొస్తారు. నన్ను అందించమనలేదు. ఆ తల్లీ కూతుళ్ళ మధ్య వాళ్ళకే అర్థమయ్యే సైగలు కొన్ని ఉన్నాయి. నేను పక్కకి జరిగి, బాల్కనీలో నిలబడి కింద రోడ్డు మీద జనాన్ని చూస్తున్నాను. కాసేపటికి వాళ్ళమ్మ నా దగ్గరికి వచ్చి అడిగింది.

"ఆడ అన్నం దొర్కుతదా బిడ్డా?"

దొరుకుతుందేమో పెద్దమ్మా, దొరక్కపోయినా కందిపొడి పట్టుకెళ్తున్నాను అన్నాను. మీ గుంటూరు కారం మా పిల్ల తట్టుకోదు, నేను వేరే చేసిస్త అంటూ వంటింట్లోకి నడిచింది. ఆమె వెనకే మేమిద్దరం వెళ్ళాం, ఏ డబ్బాలో ఏం పెట్టాలో చూడ్డానికి.